క్రియాటినిన్ పెరిగిన కేసు: ముందు పొత్తికడుపు మీద చెయ్యి వేయండి

ప్రశ్న: నేను జిల్లా ఆసుపత్రి మెడికల్ వార్డులో హౌస్ సర్జన్‌ని. క్రియాటినిన్ పెరిగిన కేసు రాగానే ప్రీరీనలా, ఇంట్రిన్సిక్కా, పోస్ట్‌రీనలా అని సార్లు అడుగుతారు. పుస్తకంలో టేబుల్ నోటికి వచ్చు, కానీ మంచం దగ్గర నిలబడితే ఏదీ తేల్చలేకపోతున్నాను. స్కానింగ్, ల్యాబ్ చేతికి రాకముందే ఎలా ఆలోచించాలో సీనియర్లు ఎవరైనా చెప్పగలరా?

సమాధానం:

పుస్తకం రక్తం నడిచే దారిలో చెబుతుంది: ముందు కిడ్నీకి రక్తం చేరడం, తర్వాత కిడ్నీ, చివర మూత్రం బయటికి పోవడం. మంచం దగ్గర ఆ వరసను మార్చేయండి. ముందు మూత్రం బయటికి పోయే దారి మూసుకుందేమో చూడండి. తర్వాత ఒంట్లో నీరు, బీపీ, వాడుతున్న మందులు చూడండి. ఈ రెండూ సరిచేశాక కూడా మూత్రం రాకపోతే అప్పుడు కిడ్నీ లోపలి జబ్బు గురించి ఆలోచించి, మూత్రాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టండి. దారి మూసుకోవడం పది నిమిషాల్లో బయటపడుతుంది, ఒక కాథెటర్‌తో చాలాసార్లు తీరుతుంది. చూడకుండా వదిలేస్తే మాత్రం ఎన్ని సెలైన్లు ఎక్కించినా కిడ్నీ పాడవుతూనే ఉంటుంది. అందుకే ఈ వరస.

ఇంకొక మాట. ఈ మూడూ వేరువేరు గదులు కావు. ఒకే మనిషిలో రెండు కలిసి ఉండొచ్చు, ఒకటి ముదిరి ఇంకొకటిగా మారొచ్చు. నాకు ఇది బాగా అర్థమైంది ఒక కేసు వల్ల. దాన్ని కొంచెం వివరంగా చెబుతాను.

మే నెల. 64 ఏళ్ల రైతు. రెండు రోజులుగా వాంతులు, విరేచనాలు. బీపీకి టెల్మిసార్టన్ 40 వాడుతున్నాడు, మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ మాత్రలు మెడికల్ షాపులో తెచ్చుకుని వేసుకుంటున్నాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ కడుపునొప్పికి డైసైక్లోమిన్ ఇంజెక్షన్ చేసి రెండు సెలైన్లు పెట్టాడు. మా దగ్గరికి వచ్చేసరికి బీపీ 96/60, నాడి 112, నాలుక పిడచగట్టుకుపోయి ఉంది. ముందురోజు సాయంత్రం నుంచి మూత్రం రెండు మూడు చుక్కలకు మించి రాలేదని భార్య చెప్పింది. యూరియా 142, క్రియాటినిన్ 4.1, పొటాషియం 5.9.

రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు ప్రీరీనల్ అని రాసి రెండు లీటర్ల సెలైన్ పెట్టించారు. ఆ మాట తప్పు కాదు. విరేచనాలు, ఎండ, టెల్మిసార్టన్, డైక్లోఫెనాక్ అన్నీ కలిసి కనిపిస్తుంటే ఎవరికైనా ముందు అదే తడుతుంది. పొద్దున నేను రౌండ్స్‌కి వెళ్లేసరికి బీపీ 118/76కి వచ్చింది, నాలుక తడిగా ఉంది. కానీ మూత్రం లేదు, క్రియాటినిన్ 4.6 అయింది. మనిషి మంచం మీద అటూ ఇటూ దొర్లుతూ అరుస్తున్నాడు. యూరియా పెరిగి మతి తప్పిందేమోనని సిస్టర్ అన్నారు. దుప్పటి తీసి పొత్తికడుపు మీద చెయ్యి వేశాను. బొడ్డు దాకా బిగుసుకుపోయి ఉంది, వేలితో తట్టితే మొద్దు శబ్దం. కాథెటర్ వేస్తే ఒక్కసారిగా 1250 మి.లీ. వచ్చింది. పది నిమిషాల్లో మనిషి నెమ్మదించి నిద్రపోయాడు. అరిచింది నొప్పికి.

అప్పుడు భార్యను అడిగాను. ఏడాదిగా రాత్రిపూట మూడు నాలుగుసార్లు లేస్తున్నాడట, ధార సన్నబడిందట, పోసుకున్నా ఇంకా ఉన్నట్టే అనిపిస్తుందని అనేవాడట. ప్రోస్టేట్ అప్పటికే అడ్డుగా ఉంది. డైసైక్లోమిన్ మూత్రాశయం కండరాన్ని సడలించేసరికి దారి పూర్తిగా ఆగిపోయింది. నీరు తగ్గి కిడ్నీకి రక్తం అందకపోవడం ఒక దెబ్బ, కింద దారి మూసుకోవడం రెండో దెబ్బ. రాత్రి మేం మొదటిదాన్ని సరిచేస్తూ రెండోదాన్ని నింపుతూ పోయాం.

ఆ రాత్రి మమ్మల్ని పక్కదారి పట్టించిన అంకె ఒకటుంది. కేస్‌షీట్‌లో యూరియాను క్రియాటినిన్‌తో భాగిస్తే దాదాపు 35 వచ్చింది, 20 దాటింది కాబట్టి ప్రీరీనల్ అని రాసి ఉంది. పుస్తకంలోని 20 అనే హద్దు బీయూఎన్‌ది, అంటే యూరియాలోని నైట్రోజన్ ఒక్కదానిది. మన ల్యాబ్‌లు చాలావరకు ఇచ్చేది పూర్తి యూరియా. అది బీయూఎన్‌కి దాదాపు 2.14 రెట్లు ఉంటుంది. కాబట్టి మన రిపోర్టు మీద ఆ హద్దు 20 కాదు, 40 పైనే. 35 అంటే ప్రీరీనల్‌కి గట్టి సాక్ష్యమేమీ కాదు. మీ ల్యాబ్ షీటు మీద యూరియా అని ఉందా బీయూఎన్ అని ఉందా అని ఒకసారి చూసుకోండి. 40 దాటినా సరే, కడుపులో రక్తస్రావం ఉన్నా, స్టెరాయిడ్లు వాడుతున్నా, మూత్రం దారి మూసుకున్న తొలి రోజుల్లోనూ ఈ అంకె పెరుగుతుంది. దీన్నొక్కదాన్నే పట్టుకుని పేరు పెట్టకండి.

దారి మూసుకుందా అని చూసేటప్పుడు

పొత్తికడుపు చూడటం అంటే దుప్పటి మీంచి చూడటం కాదు. బొడ్డు దగ్గర్నుంచి కిందికి తట్టుకుంటూ రండి, శబ్దం ఎక్కడ మొద్దుబారుతుందో గుర్తించండి. లావుగా ఉన్నవాళ్లలో చేతికి అందకపోవచ్చు, అనుమానం ఉంటే కాథెటర్ వేసి చూడటమే. ఇప్పటికే కాథెటర్ ఉన్న రోగిలో సంచి ఖాళీగా కనిపిస్తే మూత్రం తయారవడం లేదని అనుకునే ముందు ట్యూబు మడతపడిందేమో చూసి, సెలైన్‌తో ఒకసారి కడగండి. గడ్డకట్టిన రక్తం గానీ చీము గానీ అడ్డం పడిన ట్యూబులు నేను చాలా చూశాను.

మూత్రం వస్తోంది కాబట్టి అడ్డు లేదు అనుకోవద్దు. నిండిన మూత్రాశయం పొంగి బొట్లు బొట్లుగా కారుతుంటుంది, పంచె తడుస్తుంటుంది. సగం మూసుకున్న దారిలో రోజుకు రెండు లీటర్లు కూడా రావచ్చు. ఒకరోజు అసలు రాక, మరుసటి రోజు ఎక్కువగా వచ్చే రోగిలో మాత్రం అడ్డు ఉందనే అనుకోండి. ఉన్నట్టుండి పూర్తిగా, ఒక్క చుక్క కూడా రాకుండా ఆగిపోవడం మామూలు ప్రీరీనల్‌లో అరుదు. అలా ఆగితే దారి అడ్డుపడటమో, కిడ్నీ రక్తనాళాలు మూసుకోవడమో, కాన్పు తర్వాత విపరీతంగా రక్తం పోయినవాళ్లలో కిడ్నీ పైపొర చచ్చిపోవడమో ఉంటుంది.

అడ్డు మూత్రాశయానికి పైన ఉంటే పొత్తికడుపు మెత్తగానే ఉంటుంది, కాథెటర్‌లోనూ ఏమీ రాదు. మధ్యవయసు దాటిన స్త్రీలో క్రియాటినిన్ పెరిగితే తెల్లబట్ట, మధ్యలో రక్తం కనబడటం గురించి తప్పక అడగండి, లోపలి పరీక్ష చేయించండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రెండు మూత్రనాళాలనూ నొక్కేసి ఇలా మొదటిసారి బయటపడినవాళ్లు నా అనుభవంలో ఉన్నారు. రాళ్లు కూడా అంతే: రెండు కిడ్నీలు బాగా ఉన్న మనిషికి ఒక పక్క రాయి పడితే క్రియాటినిన్ అంతగా పెరగదు. పెరిగిందంటే రెండో కిడ్నీ పనిచేయడం లేదనో, అసలు లేదనో చూడాలి. స్కానింగ్‌లో కిడ్నీ ఉబ్బులేదని వచ్చినా, మొదటి రోజు కావచ్చు, ఒంట్లో నీళ్లు లేకపోవడం వల్ల కావచ్చు. సెలైన్ ఎక్కాక మళ్లీ చేయించండి.

మా రైతు సంగతికి వస్తే, కాథెటర్ వేశాక పని అయిపోలేదు. మూత్రం మొత్తం ఒకేసారి వదలొచ్చు, మధ్యమధ్య క్లాంప్ వేయాల్సిన అవసరం లేదు. అసలు జాగ్రత్త ఆ తర్వాతి రాత్రి. గంటకు 300 మి.లీ. చొప్పున మూత్రం పోసింది. వరసగా రెండు గంటలు గంటకు 200 మి.లీ. దాటితే గంట గంటకూ కొలవడం మొదలుపెట్టాలి. బయటికి పోయినదానిలో దాదాపు సగం మాత్రమే తిరిగి ఇచ్చాం. పోయినదంతా ఎక్కిస్తే ఆ సెలైనే మళ్లీ మూత్రమై పోతూ ఆ వరద ఆగదు. అసలు ఇవ్వకపోతే బీపీ పడిపోయి కొత్తగా ప్రీరీనల్ తెచ్చినవాళ్లమవుతాం. తాగగలిగితే నోటితో తాగించడమే మంచిది. సోడియం, పొటాషియం రెండు పూటలా చూశాం. మూడో రోజు క్రియాటినిన్ 2.4, ఆరో రోజు 1.5. టెల్మిసార్టన్, డైక్లోఫెనాక్ ఆపేశాం, టామ్సులోసిన్ మొదలుపెట్టి యూరాలజీకి పంపాం.

ఒంట్లో నీరు, మందులు

రోగిని కూర్చోబెట్టో నిలబెట్టో నాడి, బీపీ చూడండి. పడుకున్నప్పటి కంటే నాడి 30 పెరిగినా, కళ్లు తిరిగి నిలబడలేకపోయినా నీరు బాగా తగ్గిందని అర్థం. బీటా బ్లాకర్లు వాడేవాళ్లలో నాడి పెరగదు, షుగర్ పాతబడినవాళ్లలో నీరు తగ్గకపోయినా బీపీ పడిపోతుంది. చర్మం పట్టుకుని లాగి చూడటం ముసలివాళ్లలో పనికిరాదు. చంకలో వేలు పెట్టి చూడండి, పొడిగా ఉంటే అది ఉపయోగపడే గుర్తు.

మందుల సంగతి ఇలా గుర్తుపెట్టుకోండి. కిడ్నీలో వడపోత జరిగే చోటును ఒక మడి అనుకుంటే, నీరు వచ్చే తూము ఒకటి, పోయే తూము ఒకటి. కాలువలో నీరు తగ్గినప్పుడు కిడ్నీ వచ్చే తూమును వెడల్పు చేస్తుంది, పోయే తూమును బిగిస్తుంది, మడిలో మట్టం నిలబెడుతుంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మొదటి పనిని ఆపుతాయి, టెల్మిసార్టన్, ఎనలాప్రిల్ లాంటివి రెండోదాన్ని ఆపుతాయి. మామూలు రోజుల్లో ఈ మందులతో ఏమీ కాని మనిషి, రెండు రోజుల విరేచనాలతో క్రియాటినిన్ 4 దాకా పోయేది అందుకే. "ఏ మందులు వాడుతున్నారు" అని అడిగితే బీపీ మాత్ర ఒక్కటే చెబుతారు. "నొప్పులకు ఏం వేసుకుంటారు, చీటీ లేకుండా ఏం కొంటారు" అని విడిగా అడగండి.

ప్రీరీనల్ అంటే సెలైన్ అని ఒక అలవాటు పడిపోయింది. మెడ నరం ఉబ్బి, కాళ్లు వాచి, పడుకుంటే ఆయాసం వచ్చే రోగిలోనూ కిడ్నీకి రక్తం అందడం లేదు, కానీ అక్కడ తప్పు గుండెది. ఆ మనిషికి కావాల్సింది ఫ్రూసెమైడ్. అతనికి లీటరు సెలైన్ పెడితే తెల్లారేసరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. నీరు నిజంగా తగ్గినవాళ్లకైనా 500 మి.లీ. చొప్పున ఇచ్చి, ప్రతిసారీ నాడి, బీపీ, మెడ నరం, వీపు కింది భాగంలో గురగుర చూసి, తర్వాతి బాటిల్ సంగతి నిర్ణయించండి. బీపీ, నాడి కుదుటపడి కూడా మూత్రం రాలేదంటే అక్కడితో సెలైన్ ఆపాలి. ఇంకొంచెం పోస్తే వస్తుందేమో అన్న ఆశతో పోసిన లీటర్ల వల్లే డయాలిసిస్ అవసరమైనవాళ్లను చూశాను.

కిడ్నీ లోపలి జబ్బు

38 ఏళ్ల స్త్రీ, జ్వరం, విరేచనాలు. బయట ఆరు రోజులు అమికాసిన్ ఇంజెక్షన్లు చేయించుకుని వచ్చింది. పొత్తికడుపు మెత్తగా ఉంది. రెండు లీటర్లతో బీపీ కుదుటపడింది, మూత్రం మాత్రం గంటకు 15 మి.లీ. దాటలేదు. ప్రీరీనల్‌గా మొదలై కిడ్నీ గొట్టాలు దెబ్బతిన్న స్థితికి దిగిందా, లేక అమికాసినే కొట్టిందా అన్నది పూర్తిగా విడదీయలేం. కానీ ఇప్పుడు గొట్టాలు పాడయ్యాయన్నది మూత్రమే చెప్పింది.

దాన్ని చూసే పద్ధతి ఇది. తాజా మూత్రం పది మి.లీ. సెంట్రిఫ్యూజ్‌లో 1500 నుంచి 2000 ఆర్‌పీఎం దగ్గర ఐదు నిమిషాలు తిప్పి, పైది ఒంపేసి, అడుగున మిగిలిన చుక్కను స్లైడ్ మీద వేసి చూడాలి. గంట దాటిన మూత్రంలో కాస్ట్‌లు కరిగిపోవడం మొదలవుతుంది, అందుకే మీరే తీసుకెళ్లి చూడటం మేలు. ఆమె స్లైడ్ నిండా బురద రంగు గరుకు కాస్ట్‌లు ఉన్నాయి. ఉత్త ప్రీరీనల్‌లో ఇవి ఉండవు, మహా అయితే గాజులాంటి స్వచ్ఛమైన కాస్ట్‌లు కనిపిస్తాయి. ఆమె మూత్రంలో సోడియం 62, క్రియాటినిన్ 48. రక్తంలో సోడియం 134, క్రియాటినిన్ 4.4. లెక్క ఇలా:

```
FENa = (UNa × PCr) / (PNa × UCr) × 100
     = (62 × 4.4) / (134 × 48) × 100 ≈ 4.2 %
```

1 కంటే తక్కువైతే కిడ్నీ ఉప్పును పట్టి ఉంచుతోంది, గొట్టాలు ఇంకా పనిచేస్తున్నాయి. 2 దాటితే పట్టి ఉంచలేకపోతోంది. అంతకుముందు ఫ్రూసెమైడ్ ఇచ్చి ఉంటే ఈ లెక్క నమ్మకండి, మందు వల్లే ఉప్పు పోతుంది. కండరాలు నలిగి కిడ్నీ దెబ్బతిన్నప్పుడు, గ్లోమెరులస్ వాచినప్పుడు ఇది 1 కంటే తక్కువ రావచ్చు, దాన్ని చూసి ప్రీరీనల్ అనుకోకూడదు. ఆమెకు సెలైన్, అమికాసిన్ రెండూ ఆపాం. రెండు డయాలిసిస్‌లు పట్టాయి, రెండో వారంలో మూత్రం పెరిగింది.

మిగతా లోపలి జబ్బుల్లో ఒక్కొక్కదానికి ఒక్కో గుర్తు ఉంటుంది, మంచం దగ్గరే దొరుకుతుంది. పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బి, టీ డికాక్షన్ రంగు మూత్రం పోసే పిల్లాడికి బీపీ చూడండి, మూడు నుంచి ఆరు వారాల కింద ఒంటి మీద పుండ్లు ఉన్నాయేమో వెతకండి. ఆ మూత్రంలో ఎర్రకణాల కాస్ట్‌లు ఉంటే గ్లోమెరులస్ వాపే. వరిపొలంలో దిగి పనిచేసిన మనిషికి జ్వరం, ఎర్రబడిన కళ్లు, పిక్కలు నొక్కితే నొప్పి, కామెర్లు ఉంటే లెప్టో. ఇందులో మూత్రం బాగానే వస్తూ పొటాషియం మామూలుగానో తక్కువగానో ఉండటం మంచి ఆధారం. డిప్‌స్టిక్‌లో రక్తం గట్టిగా పాజిటివ్ వచ్చి స్లైడ్‌లో ఎర్రకణాలు లేకపోతే అది కండరాల రంగుపదార్థమో, పగిలిన ఎర్రకణాలదో. వడదెబ్బ, ఫిట్స్, పాముకాటు గురించి అడగండి. రక్తపింజర కాటులో గాయం చిన్నదని వదిలేయొద్దు: శుభ్రమైన పొడి గాజు ట్యూబులో 2 మి.లీ. రక్తం తీసి కదపకుండా 20 నిమిషాలు ఉంచి ఒంచితే గడ్డకట్టలేదంటే విషం ఎక్కినట్టే. మందుల ఎలర్జీతో వచ్చే ఇంటర్‌స్టిషియల్ నెఫ్రైటిస్‌లో జ్వరం, దద్దుర్లు, ఇసినోఫిల్స్ మూడూ కలిసి కనిపించేది కొద్దిమందిలోనే. నెలల తరబడి పాంటాప్రజోల్ వేసుకుంటున్నవాళ్లలో ఈ మూడూ లేకపోయినా అనుమానించండి.

ఇదంతా కొత్తగా వచ్చిన దెబ్బ అయితేనే వర్తిస్తుంది. కాబట్టి పాత రిపోర్టు అడగండి, ఆరు నెలల కిందటి ప్రిస్క్రిప్షన్ కాగితమైనా సరే. ముఖ్యంగా శ్రీకాకుళం ఉద్దానం వైపు నుంచి వచ్చినవాళ్లలో బీపీ, వాపులు, మూత్రంలో ప్రోటీన్ పెద్దగా లేకుండానే ఏళ్ల తరబడి క్రియాటినిన్ 4 దగ్గరే ఉండొచ్చు. రక్తం బాగా తగ్గి ఉండటం, స్కానింగ్‌లో కిడ్నీలు చిన్నబడి ఉండటం పాత జబ్బు వైపు చూపిస్తాయి. పాత జబ్బు మీద కొత్త దెబ్బ పడటమూ మామూలే.

కేస్‌షీట్‌లో ఒట్టి పేరు రాయకండి. నేనైతే ఇలా రాస్తాను: "బ్లాడర్ తగల్లేదు, కాథెటర్‌లో 40 మి.లీ.; నిలబడితే నాడి 34 పెరిగింది; డైక్లోఫెనాక్ ఆపాం; 500 మి.లీ. ఇచ్చి రాత్రి 11కి మళ్లీ చూడాలి. అప్పటికి మూత్రం రాకపోతే స్లైడ్." దాంతో పాటు ఈసీజీ ఒకటి తీసి పెట్టండి. టీ తరంగాలు మొనదేలి లేచినా, క్యూఆర్ఎస్ వెడల్పయినా పొటాషియం రిపోర్టు కోసం ఎదురుచూడకుండా కాల్షియం గ్లూకోనేట్ 10 శాతం 10 మి.లీ. నెమ్మదిగా ఐదు నిమిషాల్లో ఇచ్చి, మీ సీనియర్‌కి ఫోన్ చేయండి. మందులకు తగ్గని పొటాషియం, ఫ్రూసెమైడ్‌కి తగ్గని ఆయాసం, ఆగని యాసిడోసిస్, యూరియా వల్ల మతి తప్పడం ఉంటే ప్రీరీనలా కాదా అన్న చర్చ పక్కనపెట్టి ఆ రాత్రికే డయాలిసిస్ ఉన్నచోటికి పంపండి. పంపేముందు కాథెటర్ వేసి, ఎంత వచ్చిందో రెఫరల్ కాగితం మీద రాయండి.